గుడ్డు చిట్లినా.. మాట చిట్లకూడదు!

పురసవాక్కం హైరోడ్డులో చీరల దుకాణాల సందడి దాటి లోపలి వీధుల్లోకి మళ్లితే ఇంకో రకం వ్యాపారం కనిపిస్తుంది. బోర్డుండదు, గల్లాపెట్టె ఉండదు. ఇంటి ముందు గదిలో గోడవారగా నాలుగైదు గుడ్ల ట్రేలు, బల్లమీద ఓ సెల్‌ఫోను, పక్కన లెక్కల పుస్తకం. అంతే! పిల్లలు బడికి వెళ్లాక నాలుగు రూపాయలు కళ్లజూద్దామనుకునే ఇల్లాలికి కోడిగుడ్ల అమ్మకం తేలిగ్గా అందే పని. తెల్లారితే అందరికీ కావాలి, పెట్టుబడి తక్కువ, అరువు బేరం తక్కువ.

ఈ వ్యాపారంలో చిక్కంతా ఒక్కటే. సరుకు చేజారితే మిగిలేది సొనే. ఒక్కోసారి చేజారకుండానే చిట్లుతుంది. అప్పుడు ఫోను మోగుతుంది. ఆ ఫోనుకు ఏం జవాబు చెప్పాలి? ‘సారీ’ అంటే సరిపోతుందా? సరిపోదు. ఎందుకు సరిపోదో చూడాలంటే ఓ సందర్భాన్ని తీసుకుని చివరిదాకా నడిపించాల్సిందే.

నాలుగు పగిలినాయి!

అమ్మే ఇల్లాలిది పురసవాక్కం అనుకుందాం. కొన్నావిడ కెల్లీస్ దగ్గర ఉంటారు. వయసులో పెద్దావిడ, ఇంట్లో మనవడు. ముందురోజు సాయంత్రం ఓ ట్రే, అంటే 30 గుడ్లు తెప్పించుకున్నారు. తెచ్చిచ్చిన కుర్రాడు గుమ్మం దగ్గర పెట్టి వెళ్లాడు. ఆవిడ అలాగే వంటింట్లో పెట్టేశారు. పొద్దున్నే సెల్‌ఫోన్లో మెసేజి.

‘‘ఏమ్మా, ట్రేలో నాలుగు గుడ్లు పగిలిపోయి వచ్చినాయి. రెండు కారిపోతా ఉన్నాయి, రెండింటికి గీతలు. పిల్లోడికి టిఫినీకని తీస్తే చేతికంతా సొన. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకుంటిరి. ఇట్లా పంపితే ఎట్లా?’’

చాలామంది నోట వెంటనే వచ్చే మాట ఇది. ‘‘నేను చూసే పంపించాను అక్కా. దారిలో ఏమైందో మాకేం తెలుసు? నిన్ననే చెప్పుంటే బాగుండేది కదా!’’

ఇందులో అబద్ధం ఒక్కటీ ఉండకపోవచ్చు. చూసే పంపించి ఉండవచ్చు, దారిలోనే పగిలి ఉండవచ్చు, నిన్ననే చెప్పి ఉంటే బాగానే ఉండేది. అయినా కొన్నావిడకు వినిపించేది ఒక్కటే.. ‘తప్పు నీదే’ అని. పైగా అసలు చెప్పాల్సింది ఒక్కటీ ఇందులో లేదు. ఆ గుడ్లు తినొచ్చా? నాలుగింటికి బదులేంటి? మళ్లీసారి ఇలా కాదని నమ్మకం ఏంటి? ఆవిడ బయటికి అడిగింది ఒక ప్రశ్నే అయినా, లోపల ఉన్నవి ఈ మూడు.

ఆ జవాబు ఇలా ఉంటే..

‘‘నమస్కారం అక్కా. పొద్దున్నే పనివేళలో మీకు ఇబ్బందైంది, మన్నించండి. ముందుగా ఒక మాట. కారుతున్న రెండూ పారేయండి. గీత పడ్డవి కూడా వాడొద్దు, అవి ఎప్పుడు చిట్లినాయో మనకు తెలీదు. సొన అంటిన పక్క గుడ్లను నీళ్లలో కడగొద్దు. పొడిగుడ్డతో తుడిచి, ముందు వాటినే బాగా ఉడికించి వాడేయండి. పిల్లోడికి ఆఫ్‌బాయిల్ మాత్రం వద్దు. నాలుగు గుడ్లూ ఈ సాయంత్రం 6 లోపల మీ ఇంటికి పంపిస్తాను. డబ్బులే కావాలంటే 28 రూపాయలు ఇప్పుడే వేసేస్తాను, మీ ఇష్టం. వీలైతే ట్రేను పైనుంచి ఒక ఫొటో తీసి పంపండి. మీ మాట మీద నమ్మకం లేక కాదక్కా. ఏ వరసలో పగిలినాయో చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుస్తుంది.’’

చదవడానికి అర నిమిషం. కానీ ఒక్కో వాక్యం వెనుక ఒక్కో లెక్క ఉంది.

ముందు కడుపు.. తర్వాతే డబ్బు

క్షమాపణ తర్వాత మొదట వచ్చింది డబ్బు మాట కాదు, తిండి మాట. దానికి కారణం ఉంది. గుడ్డు పెంకు మందం మిల్లీమీటరులో దాదాపు మూడో వంతు. కంటికి కనిపించని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. వాటిని మూస్తూ పైన సన్నని పొర ఒకటి సహజంగా ఉంటుంది. పెంకు లోపల మరో రెండు పొరలు తెల్లసొనను కాపాడుతుంటాయి.

గీత మాత్రమే పడి సొన కారలేదంటే లోపలి పొరలు ఇంకా చిరగలేదని అర్థం. కారుతోందంటే అవీ చిరిగాయి. రెండో రకం విషయంలో ఆలోచించాల్సిన పనే లేదు, పారేయాల్సిందే. మొదటి రకంతోనే పేచీ. మన చేతిలో, మన కళ్ల ముందు చిట్లిన గుడ్డయితే శుభ్రమైన గిన్నెలో కొట్టి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకుని, రెండు రోజుల్లోపు బాగా ఉడికించి వాడుకోవచ్చు. కొనేటప్పటికే చిట్లి ఉన్నది వేరు. అది ఎన్ని గంటల కిందట చిట్లిందో, ఆ సందులోంచి ఏం లోపలికి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. పెంకు మీద ఉండే సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులకు ఆ గీతే దారి. అందుకే ‘ఎప్పుడు చిట్లినాయో తెలీదు, వాడొద్దు’ అన్న మాట.

కడగొద్దు అనడం కొందరికి వింతగా తోచవచ్చు. నీళ్లు తగిలితే పెంకు మీది సహజమైన పొర పోతుంది. తడితో పాటు మురికి రంధ్రాల్లోంచి లోపలికి దిగే వీలు పెరుగుతుంది. కడిగి దాచుకున్న గుడ్డు శుభ్రంగా కనిపిస్తుంది కానీ త్వరగా చెడుతుంది. ఇక చెన్నైలో ఆఫ్‌బాయిల్ అంటే తెలియనిదెవరికి? పచ్చసొన పచ్చిగానే ఉంటుంది కాబట్టి అనుమానమున్న గుడ్డుతో అది పనికిరాదు. తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేదాకా ఉడకాలి.

అమ్మిన మనిషే ‘ఇది తినొద్దు’ అని ముందుగా చెప్పడంతో కొన్నావిడ కోపం సగం దిగుతుంది. తన నాలుగు గుడ్ల కంటే తన మనవడి కడుపు గురించి ఆలోచించిందని ఆవిడకు అర్థమవుతుంది.

28 రూపాయల వెనుక..

గుడ్డు ధర రోజూ మారుతుంది. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం.. అదేనండీ, ‘నెక్’.. ప్రాంతాలవారీగా వందగుడ్ల ధర ప్రకటిస్తుంటుంది. ఆ పట్టికలో నామక్కల్ ఉంటుంది, చెన్నై ఉంటుంది, మన చిత్తూరూ ఉంటుంది. కాబట్టి డబ్బు వెనక్కివ్వాల్సి వస్తే ఈరోజు ధర కాదు, కొన్నరోజు ధర లెక్కగట్టాలి. గుడ్లే ఇస్తే ఆ గొడవ లేదు. నాలుగుకు నాలుగు.

లెక్క సులువుగా ఉండేందుకు ఇల్లాలు గుడ్డు 6 రూపాయలకు కొని 7 రూపాయలకు అమ్ముతోందనుకుందాం. 30 గుడ్ల ట్రే మీద మిగిలేది 30 రూపాయలు. నాలుగు గుడ్లు ఊరికే ఇస్తే 24 రూపాయలు ఖర్చు. అంటే ఆ ట్రే మీద ఆమెకు మిగిలింది 6 రూపాయలే! ఐదు పగిలి ఉంటే సున్నా. ఆరోది కూడా పగిలితే చేతి డబ్బు. ఇక కుర్రాడిని ఆ నాలుగు గుడ్ల కోసమే మళ్లీ కెల్లీస్ పంపిస్తే పెట్రోలు ఖర్చూ మీద పడుతుంది.

అందుకే ‘ఇప్పుడే పంపిస్తాను’ అనలేదు, ‘సాయంత్రం 6 లోపల’ అంది. కుర్రాడు ఎలాగూ సాయంత్రం ఆ దారినే వెళ్తాడు. నిలబెట్టుకోగలిగిన మాటే ఇచ్చింది. తొందరలో ‘పది నిమిషాల్లో’ అని, మధ్యాహ్నానికి కూడా పంపకపోతే గుడ్లు పగిలినందుకు ఒకసారి, మాట తప్పినందుకు ఇంకోసారి క్షమాపణ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఫొటో అడగడానికి కారణమూ ఈ లెక్కలోనే ఉంది. ఎక్కడ పగులుతోందో తెలుసుకోకుండా ప్రతిసారీ గుడ్లు ఇచ్చుకుంటూ పోతే నెల తిరిగేసరికి వ్యాపారమే మిగలదు. ఫొటో కొన్నావిడను నిలదీయడానికి కాదు, తన పొరపాటును తాను పట్టుకోవడానికి. కానీ ఆ సంగతి విప్పి చెప్పకపోతే ‘రుజువు చూపించు’ అన్నట్టే ఉంటుంది. ‘నమ్మకం లేక కాదక్కా’ అన్న ముక్క అందుకే. ఫొటో రాకపోయినా నాలుగు గుడ్లూ వెళ్తాయి. గుడ్ల మాట ముందు, ఫొటో మాట తర్వాత రావడంలో ఉన్న మర్యాద అదే.

ట్రే చెప్పే సాక్ష్యం

ఫొటోలో ఏం చూడాలి? చిట్లిన గుడ్లు ట్రేలో ఎక్కడున్నాయన్నది మొదటిది. అన్నీ ఒకే అంచున వరసగా ఉంటే ఆ పక్క దెబ్బ తగిలిందనో, బండి మీద తాడు బిగించినప్పుడు నొక్కుకుందనో అనుకోవచ్చు. పక్క నుంచి గట్టిగా నొక్కితే గుడ్డు ఓర్వదు.

చిట్లింది పైభాగంలోనా, అడుగునా అన్నది రెండోది. పైభాగం నలిగితే మీద ఏదో బరువు పడినట్టు. తరచుగా ఆ బరువు ఇంకో ట్రేదే. అట్ట ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చేటప్పుడు ప్రతి ట్రేనూ కిందిదానికి అడ్డంగా తిప్పి పెట్టాలి. అప్పుడు ట్రేలోని దిమ్మలు బరువు మోస్తాయి. ఒకే దిక్కుగా పెడితే పైట్రే కిందిదాంట్లోకి దిగబడి గుడ్లను నొక్కుతుంది. అడుగున, అంటే సన్నటి మొనవైపు చిట్లితే ట్రేను గట్టిగా కింద పెట్టారనో, స్పీడ్‌బ్రేకర్ మీద బండి ఎగిరిందనో లెక్క. మెట్రో రెండోదశ పనుల్లో దారి మళ్లింపులు చూసిన డెలివరీ కుర్రాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక మూడోది.. అక్కడొకటి, ఇక్కడొకటి చెదురుగా సన్నని గీతలు. ఇవి పంపిన ఇంట్లోనో, దారిలోనో కాక అంతకుముందే పడి ఉండొచ్చు. నామక్కల్ నుంచి చెన్నైకి 350 కిలోమీటర్లకు పైగా లారీ ప్రయాణం. కోళ్లఫారం నుంచి టోకు వ్యాపారి దాకా ఎన్నో చేతులు మారతాయి. పైగా అన్ని పెంకులూ ఒక్కలా ఉండవు. కోడి వయసు పెరిగేకొద్దీ గుడ్డు పెద్దదవుతుంది, పెంకు పలచబడుతుంది. కత్తెర ఎండల్లో ఇంకో చిక్కు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి వగరుస్తూ ఒళ్లు చల్లబరుచుకుంటుంది. అలా వగర్చేటప్పుడు ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోతుంది. పెంకులో అధికభాగం కాల్షియం కార్బొనేటే కాబట్టి, దాన్ని కట్టుకునే సరంజామా తగ్గుతుంది. మేత కూడా తగ్గించేస్తుంది. ఫలితం పలుచటి పెంకు. ఏప్రిల్, మేలలో ఫిర్యాదులు పెరిగితే తప్పంతా కుర్రాడిదే అనుకోనక్కర్లేదు.

సొన తడిగా ఉందా, ఎండి ట్రేకు అంటుకుపోయిందా అన్నదీ చూడాలి. ఎండి గట్టిపడితే పాతది, తడిగా జారుతుంటే కొత్తది అంటారు. మన కేసులో మాత్రం దీన్ని గట్టి సాక్ష్యంగా పట్టుకోలేం. రాత్రంతా వంటింట్లో ఉన్న ట్రే అది. చెన్నై ఉక్కలో కొద్ది గంటల్లోనే సొన ఎండిపోతుంది.

రెండో జవాబు

పది గంటలకు కొన్నావిడ ఫొటో పంపారు. నాలుగు గుడ్లూ ఒకే అంచున ఉన్నాయి. ట్రే ఆ వైపు కాస్త వంగింది కూడా. ఇల్లాలు కుర్రాడిని అడిగింది. ముందురోజు రెండు ట్రేలు ఒకేసారి తీసుకెళ్తూ వెనుక సీటుకు తాడుతో బిగించానన్నాడు. సంగతి తేలిపోయింది. ఇప్పుడు రెండో జవాబు వెళ్లాలి. చాలామంది మర్చిపోయేది దీన్నే.

‘‘ఫొటో చూశానక్కా, చాలా థ్యాంక్స్. నాలుగూ ఒకే పక్కన ఉన్నాయి. బండికి కట్టేటప్పుడు తాడు నొక్కుకుంది. తప్పు మాదే. ఇకమీద ట్రేకు ఖాళీ ట్రే మూత పెట్టి, గట్టి అట్టపెట్టెలో పంపిస్తాం, తాడు వాడం. కుర్రాడు మీ ముందే మూత తీసి చూపిస్తాడు. చిట్లింది ఉంటే అక్కడికక్కడే వెనక్కిచ్చేయండి. సాయంత్రం నాలుగు గుడ్లూ వస్తాయి.’’

ఇక్కడ ‘మాదే’ అన్న మాట గమనించండి. ‘మా కుర్రాడు అలా చేశాడక్కా, వాణ్ని తిట్టాను’ అనలేదు. కొన్నావిడ డబ్బులిచ్చింది ఇల్లాలికి, కుర్రాడికి కాదు. వాణ్ని ముందుకు తోస్తే రేపు అదే గుమ్మానికి అదే కుర్రాడు ఎలా వెళ్తాడు? వాడికి చెప్పాల్సింది విడిగా చెప్పాలి.

‘ఇంకెప్పుడూ పగలవు’ అని కూడా అనలేదు. అలాంటి మాట ఎవరూ ఇవ్వలేరు. గుడ్డన్నాక పగులుతుంది. ఏం మారుస్తామో చెప్పింది, మారినా పగిలితే ఏం చేయాలో చెప్పింది. ‘మీ ముందే మూత తీసి’ అన్న ఏర్పాటుతో రాత్రి పెట్టి పొద్దున చూసుకునే బాధ తప్పుతుంది. ‘ఎక్కడ పగిలింది’ అన్న తగవూ గుమ్మం దగ్గరే తేలిపోతుంది.

ఫిర్యాదు రాకముందే..

చెప్పిన మాట నిలబడాలంటే సరుకు వచ్చినప్పుడే పని మొదలవ్వాలి. టోకుగా వచ్చే పెట్టెలో సాధారణంగా 7 ట్రేలు, 210 గుడ్లు. దించిన వెంటనే, లారీవాడో ఆటోవాడో ఉండగానే పైట్రే, అడుగు ట్రే విప్పి చూసుకోవాలి. బరువంతా మోసేది అడుగుదే కాబట్టి అందులో చిట్లినవి ఎక్కువగా దొరుకుతాయి.

సన్నగీత మామూలు వెలుతురులో కనబడదు. గదిలో లైటు ఆర్పి సెల్‌ఫోను టార్చి మీద గుడ్డును ఆనించి నెమ్మదిగా తిప్పితే, గీత ఉన్నచోట వెలుగు తెల్లని దారంలా మెరుస్తుంది. చేయి తిరిగినవాళ్లు ఇంకో పద్ధతి చేస్తారు. రెండు గుడ్లను సున్నితంగా ఒకదానికొకటి తాకిస్తారు. బాగున్నవైతే ‘టంగు’మని గట్టి చప్పుడు వస్తుంది, చిట్లిందైతే బొంగురుగా మూగచప్పుడు. ఒక ట్రే పరీక్షకు ఐదారు నిమిషాలు చాలు. ఇలా ఏరినదాన్ని ఎప్పుడు చిట్లిందో తెలీదు కాబట్టి తక్కువ ధరకు కూడా ఎవరికీ అంటగట్టకూడదు.

ట్రేలో పెట్టేటప్పుడు సన్నటి మొన కిందికి, లావు మొన పైకి ఉండాలి. గాలి గది ఉండేది లావు మొనలోనే. అది పైనుంటే పచ్చసొన మధ్యలో నిలకడగా ఉంటుంది, గుడ్డు ఎక్కువ రోజులు బాగుంటుంది. బండి మీద తీసుకెళ్లేటప్పుడు పెట్టె కాళ్ల దగ్గర చదునుగా కూర్చోవాలి, హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో ఊగకూడదు.

మరి మూడు రోజుల తర్వాత ‘పగిలి వచ్చినాయి’ అని ఎవరైనా ఫోను చేస్తే? అప్పుడూ మర్యాద అదే, ఏర్పాటు మాత్రం వేరు. ‘‘అక్కా, గుమ్మం దగ్గర చూసినప్పుడు బాగానే ఉన్నాయి కదా. తర్వాత ఫ్రిజ్‌లోనో, షెల్ఫులోనో తగిలి ఉండొచ్చు. ఈ ఒక్కసారికి రెండు గుడ్లు పంపిస్తాను. ఇకపై తెచ్చినరోజే చెప్పండి, తప్పకుండా మార్చి ఇస్తాను’’ అంటే చాలు. లేదనకుండానే హద్దు గీసినట్టవుతుంది. ఆ హద్దు ముందే చెప్పి ఉంచితే ఇంకా మంచిది. మొదటి ఆర్డరు రోజే ‘తెచ్చినప్పుడే మూత తీసి చూసుకోండి’ అని ఓ ముక్క పంపిస్తే తర్వాత నొచ్చుకునే పని ఉండదు.

ఆ సాయంత్రం కెల్లీస్ ఇంటికి నాలుగు గుడ్లు వెళ్తాయి. కుర్రాడు మూత తీసి చూపిస్తాడు. పెద్దావిడ ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూసుకుంటారు. ఈసారి మిగిలింది 6 రూపాయలే. వచ్చేవారం ట్రే మీద మళ్లీ 30 రావాలంటే, అది ఆ గుమ్మం దగ్గరే తేలాలి. ‘‘సరేలేమ్మా, వచ్చే శనివారం ఇంకో ట్రే పంపించు’’ అని ఆవిడ అన్నారంటే.. పొద్దున పంపిన జవాబు సరైనదేనన్నమాట!